అరలు కొట్టించే ముందు: పుస్తకాలు, ఫైళ్లు, పప్పు డబ్బాలతో కొలతలు వేసుకోవడం ఎలా

బెంగళూరులో మేం మొదట అద్దెకున్న ఇంట్లో గోడ నిండా అలమర ఉండేది. లోతు 18 అంగుళాలు. చూడగానే ఎంత చోటో అనిపించింది. ఏడాది తిరిగేసరికి ప్రతి అరలోనూ ముందొక వరుస, వెనకొక వరుస తయారయ్యాయి. వెనక వరుసలో ఏముందో ఎవరికీ తెలియదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఒకే పుస్తకం రెండు కాపీలు, పురుగు పట్టిన పెసరపప్పు, పోయిందనుకుని డూప్లికేటు తెప్పించుకున్న ఇన్సూరెన్సు బాండు బయటపడ్డాయి.

అందుకే సొంత ఫ్లాట్‌లో డైనింగ్ టేబుల్ పక్క గోడలో ఉన్న గూడులాంటి చోట అరలు కొట్టించాల్సి వచ్చినప్పుడు, కార్పెంటర్ని పిలిచే ముందే టేపు పట్టుకుని కూర్చున్నాను. కింద బియ్యం, పప్పులు, పక్కన ఫైళ్లు, పైన పుస్తకాలు. ఆ లెక్క ఎలా వేశానో చెబుతాను. మీ అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే పనికొస్తుంది.

ముందు గోడను కాదు, వస్తువులను కొలవండి

గోడ కొలత ఎంత ఉన్నా దాన్ని సమానంగా నాలుగు భాగాలు చేసి అరలు పెట్టేయడం కార్పెంటర్ల అలవాటు. చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ ప్రతి అరలోనూ పైన జానెడు ఖాళీ వృథా అవుతుంది, లేదా ఒక్క వేలెడు చాలక ఫైలు పట్టదు.

పుస్తకాలన్నీ నేలమీద పరిచి ఎత్తును బట్టి కుప్పలు పెట్టండి. తెలుగు పుస్తకాలకు ఇది సులువు, ఎందుకంటే ఎక్కువగా రెండు సైజులే కనిపిస్తాయి. పాత నవలలు, కథల పుస్తకాలు చాలావరకు క్రౌన్ సైజు, అంటే ఎత్తు 185 మి.మీ. దరిదాపుల్లో. ఇప్పుడు వచ్చేవాటిలో డెమీ ఎక్కువ, ఎత్తు 216. ఆ రెండూ కాకుండా మిగిలేవి పిల్లల పాఠ్యపుస్తకాలు, పత్రికల ప్రత్యేక సంచికలు, ఏ4 సైజువి. వాటి ఎత్తు 297, వెడల్పు 210. ఈ మూడు కుప్పలకూ లొంగని పెళ్లి ఆల్బమ్, అట్లాసు లాంటివి నాలుగో అయిదో ఉంటాయి. వాటి కోసం అర ఎత్తు పెంచకండి. పడుకోబెడితే సరిపోతుంది.

తర్వాత పుస్తకాలను లెక్కపెట్టకండి. ఒకదానిమీద ఒకటి పేర్చి కుప్పల ఎత్తు కొలవండి, ఎందుకంటే అరలో అది ఆక్రమించే పొడుగు అదే. మావి అన్నీ కలిపి 3 మీటర్ల 10 సెంటీమీటర్లు వచ్చాయి. దానికి అయిదో వంతు కలిపాను. చర్చ్ స్ట్రీట్‌లోనో అవెన్యూ రోడ్‌లోనో పుస్తకాల షాపులకు వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చిన రోజు మా ఇంట్లో లేదు. మొత్తం 3 మీటర్ల 72 సెంటీమీటర్ల అర పొడుగు కావాలని తేలింది.

ఫైళ్లలో ఒక మోసం ఉంది. లీవర్ ఆర్చ్ ఫైలు అనగానే ఏ4 కాగితం గుర్తొస్తుంది, 13 అంగుళాల అర చాలుననిపిస్తుంది. కానీ మన దుకాణాల్లో దొరికే వాటిలో చాలావరకు ఫూల్‌స్కేప్ సైజువి. మా ఇంట్లోవి నిలబెడితే ఎత్తు 345 మి.మీ., లోపలికి 285, వీపు మందం 75. స్టాంపు పేపర్లు కూడా ఏ4 కన్నా పొడుగు, కాబట్టి ఇంటి కాగితాలు, ఊళ్లో పొలం కాగితాలు ఉన్నవాళ్లకు పెద్ద ఫైలు తప్పదు. 13 అంగుళాలంటే 330 మి.మీ. ఫైలు నిలబడదు. ఈ తప్పు నేను ఒక స్నేహితుడి ఇంట్లో చూశాను. ఫైళ్లన్నీ పడుకుని, ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నాయి. అడుగున ఉన్నది తీయాలంటే పైనవన్నీ దించాలి.

వంటింటి వస్తువులకు ఇలాంటి సైజుల లెక్క పనికిరాదు, ఎవరి డబ్బా వాళ్లదే. ఒక్క సంగతి మాత్రం చూసుకోండి. బియ్యం డబ్బా 25 కిలోలదని కొంటాం. 2022లో 25 కిలోల వరకు ప్యాకింగు బియ్యానికి జీఎస్టీ వేశాక చాలా కంపెనీలు 26 కిలోల బస్తాలు తెచ్చాయి. లీటరుకు సుమారు 800 గ్రాముల బియ్యం పడుతుంది కాబట్టి 26 కిలోలకు దాదాపు 33 లీటర్ల డబ్బా కావాలి. మాది 340 మి.మీ. అడ్డం, 390 ఎత్తు. 35 లీటర్లు, సరిపోయింది. పప్పు డబ్బాలు అడ్డం 150, ఎత్తు 180.

లోతు: ఒక్క వరుసే పట్టాలి

లోతు ఎంచుకునేటప్పుడు నేను పెట్టుకున్న నియమం ఇది. ఆ అరలో ఉండే వస్తువు ఒక్క వరుసే పట్టాలి, రెండో వరుసకు చోటు ఉండకూడదు. చోటుంటే మనిషి పెట్టక మానడు.

పుస్తకాలకు కావలసింది అతి వెడల్పైన పుస్తకం, అంటే ఏ4 వాటి 210. వెనక పలక 6 మి.మీ. పోతుంది. 225 ఉన్నా చాలు. ఇక్కడ ప్లైవుడ్ షీటు లెక్క కూడా కలుస్తుంది. షీటు 8 అడుగుల పొడుగు, 4 అడుగుల వెడల్పు, అంటే 2440, 1220 మి.మీ. ఆ 1220ని పొడుగు పట్టీలుగా కోస్తారు. ఒక్కో కోతకు రంపం నాలుగు మి.మీ. దాకా తినేస్తుంది. 240 లోతు పెడితే అయిదు పట్టీలు వస్తాయి. 300 అయితే నాలుగు, 400 అయితే మూడు, 600 అయితే రెండు.

మా కార్పెంటర్‌ది మదనపల్లె. ఇరవై ఏళ్లుగా బెంగళూరులోనే పని. లోతు ఎంత అని అడిగితే "పుస్తకాలకా సార్, 12 అంగుళాలు పెట్టేద్దాం, అందరూ అంతే" అన్నాడు.

"12 అంగుళాలంటే 305 కదన్నా. నాలుగు పట్టీలకే 1220 అయిపోతుంది. కోతలకు ఏం మిగుల్తుంది?"

పెన్సిలు చెవి మీంచి తీసి చెక్కమీద రాసుకున్నాడు. "మూడే వస్తాయి సార్" అని ఒప్పుకున్నాడు. పుస్తకాలుండే మా పైపెట్టెకు నాలుగు పట్టీలు కావాలి. అంటే ఆ అయిదు మి.మీ. కోసం రెండో షీటు కోయాల్సి వచ్చేది. 240కి దిగాక ఒకే షీటులో నాలుగు పట్టీలు వాడి, అయిదోది మిగుల్చుకున్నాం.

ఫైళ్లకు 300 చాలు. బియ్యం డబ్బాకు 340 కన్నా ఎక్కువ కావాలి, కాబట్టి 400. ఫైళ్లు, వంటసరుకులు ఒకే కింది పెట్టెలో ఉంటాయి గనుక ఆ పెట్టె మొత్తం 400 లోతు పెట్టాం. ఫైళ్ల వెనక 109 మి.మీ. ఖాళీ మిగిలింది. ఇక్కడ నా నియమం నేనే తప్పాను. దానికి మందు చిన్నదే. ఫైళ్లు లోపలికి జారకుండా, వెనక పలకకు 100 మి.మీ. ముందు రీపర్ అనే సన్న చెక్కపట్టీ ఒకటి అడ్డం కొట్టించాను. ఫైళ్లన్నీ దానికి ఆని ఒకే గీతలో నిలబడతాయి.

పైపెట్టె 240, కింది పెట్టె 400 కావడంతో మధ్యలో 160 మి.మీ. మెట్టు వచ్చింది. పుస్తకం తీసి ఒక నిమిషం తెరిచి పెట్టుకోవడానికి ఆ చోటు పనికొస్తుందని ముందు అనుకోలేదు. ఇప్పుడు తాళాలు, కళ్లజోళ్లు, కాఫీ గ్లాసులు అన్నీ అక్కడే.

అరకూ అరకూ మధ్య ఎంత

వస్తువు ఎత్తుకు చెయ్యి పట్టే చోటు కలపాలి. ఆ చోటు అన్నిటికీ ఒకటి కాదు. వస్తువును బయటికి ఎలా తీస్తామో దాన్నిబట్టి మారుతుంది. పుస్తకాన్ని పైన వేలు దూర్చి వెనక్కి వంచి లాగుతాం. 25 నుంచి 30 మి.మీ. చాలు. లీవర్ ఆర్చ్ ఫైలుకు వీపు మీద వేలు పెట్టే రంధ్రం ఉంటుంది, దానితో లాగుతాం; 20, 25 ఉన్నా చాలు. డబ్బాను మాత్రం కాస్త పైకెత్తి తీస్తాం. ముందు అంచు దాటాలి, వేళ్లు మూత మీదుగా పోవాలి. 60 నుంచి 80 కావాలి. బరువైన డబ్బా అయితే చెయ్యి అంత చక్కగా కదలదు కాబట్టి ఇంకాస్త ఎక్కువే వేసుకోండి.

దీనికి తోడు, అందరూ మరిచిపోయేది చెక్క మందం. 18 మి.మీ. ప్లైవుడ్‌కు రెండు వైపులా లామినేట్ అతికితే దాదాపు 20 అవుతుంది. అయిదు పలకలుంటే 100 మి.మీ. పోతుంది. కాగితం మీద గీతల్లాగా గీసుకుని లెక్కేస్తే చివరి అర వేళ్లు దూరనంత ఇరుకవుతుంది.

మా గోడమీద లెక్క

గూడు వెడల్పు కింద, మధ్యలో, పైన మూడు చోట్ల కొలిచాను. 1024, 1018, 1012. ప్లాస్టరింగు ఎప్పుడూ నిటారుగా ఉండదు, కాబట్టి అతి చిన్న కొలత తీసుకుని దానిలోంచి 12 తగ్గించి 1000 అనుకున్నాం. పక్క సందులు చివర్లో పట్టీతో మూసేయొచ్చు. నేల దగ్గర స్కర్టింగు టైలు ముందుకు పొడుచుకు వచ్చిందేమో కూడా చూడండి. కొలత దాని మీద కూడా తీసుకోవాలి.

1000లో రెండు పక్క పలకలు 40 పోతే 960. అంత పొడుగు పలకను మధ్యలో ఆధారం లేకుండా వదలకూడదు. ఒకే మందం, ఒకే రకం బరువైతే, పొడుగు రెండింతలైనప్పుడు పలక మధ్యలో వంగడం రెండింతలు కాదు, పదహారింతలు అవుతుంది. నవలల వరుస మీటరుకు 20 కిలోల దాకా ఉంటుంది. ఏ4 పాఠ్యపుస్తకాలైతే 40 దాటుతాయి. మొదటి రోజు ఏమీ కనిపించదు. ఏడాది, రెండేళ్ల మీద చెక్క మెల్లగా కుంగుతుంది, మళ్లీ లేవదు. అందుకే మధ్యలో నిలువు పలక పెట్టాం. పట్టీలను షీటు పొడుగు వెంట కోయించడం కూడా ఇందుకే. పైపొర చెక్క గీతలు అర పొడుగు వెంట ఉంటే వంగడం తక్కువ.

నిలువు పలకకు 20 పోగా మిగిలిన 940ని సగం చేస్తే 470, 470. అందంగా ఉంటుంది. అలాగే చేయబోయి ఆగాం. పప్పు డబ్బాలకు లాగే ట్రే కావాలని అమ్మ పట్టుబట్టింది, ఎందుకంటే 400 లోతులో 150 డబ్బాలు రెండు వరుసలు పడతాయి, వెనక వరుస కథ మొదట్లోనే చెప్పాను కదా. ట్రే వేస్తే అది జారడానికి రెండు పక్కలా బిగించే చానెళ్లు చెరో 13 తింటాయి, ట్రే చెక్కలు చెరో 12. 470లో 50 పోతే 420. మూడు డబ్బాలకు 450 కావాలి. అంటే రెండే పడతాయి, మూడోదాని చోటంతా గాలి. ఎడమ గడిని 510, కుడి గడిని 430 చేశాం. ఇప్పుడు ట్రేలో 460, మూడు డబ్బాలు దర్జాగా పట్టాయి. వెనక ఇంకో మూడు. కుడి గడిలో వరుసకు 75 మందం ఫైళ్లు అయిదు. సగానికి సగం చేసి ఉంటే ఆరు పట్టేవి. వరుసకో ఫైలు పోయినా మూడో డబ్బా దక్కింది.

ఇంకో జాగ్రత్త. లాగే ట్రే ముందు తలుపు పెట్టకండి. తలుపు సగం తెరిస్తే ట్రే దాని అంచుకు తగులుతుంది. ట్రేకే ముందు పలక కొట్టించుకుంటే ఒక్క లాగుతో అయిపోతుంది. చానెల్ పొడుగు కూడా చూడాలి. 400 పెట్టెలో లోపల మిగిలేది 394, కాబట్టి 16 అంగుళాలది పట్టదు, 14 అంగుళాలది కొనాలి.

ఇక ఎత్తు. కింది పెట్టెను వంటింటి గట్టుకు సరిగా 850 పెడదామనుకున్నాం. నేల తడిగుడ్డ నీళ్లు తగలకుండా కింద 100 మి.మీ. పీఠం. అడుగు పలక 20, పై పలక 20. లోపల 710. కుడివైపు ఫైళ్లకు రెండు అరలు కావాలంటే మధ్య పలక 20 పోయి ఒక్కోదానికి 345. మన ఫైలు ఎత్తు ఎంత? 345. కాగితం మీద సరిపోయింది, వేలు దూరదు. ఫైలు అట్ట కాస్త ఉబ్బినా లోపలికే పోదు. కాగితం మీద చూసినప్పుడు ఇలాంటి సమానాలు ఎంతో బాగుంటాయి, అక్కడే జాగ్రత్తపడాలి.

ఇది వంట చేసే గట్టు కాదు కాబట్టి పెట్టెను 900కి లేపాం. ఇప్పుడు లోపల 760. ఫైళ్ల అరలు 370, 370. ఎడమవైపు కింద బియ్యం డబ్బాకు 460, పైన ట్రేకు 280. డబ్బా 390 పోతే 70 మిగిలింది. నిండు డబ్బాను అయితే ఎత్తలేం, కింద చిన్న చక్రాల పలక పెట్టి లాగుతున్నాం. ఆ చక్రాల ఎత్తు 40. అది కూడా లెక్కలోకి వస్తుందని పలక కొన్నాకే గుర్తొచ్చింది! 30 మిగిలింది. మూత అరలోపల తెరుచుకోదు, డబ్బా బయటికి లాగాకే తెరవాలి. బతికిపోయాం.

పైపెట్టె ఎత్తు 1230, లోపల 1190. మూడు పలకలు 60 పోతే 1130. అడుగున బరువైన ఏ4 పుస్తకాలకు 325. దానిపైన డెమీలకు 245, ఇంకో 245. పైన క్రౌన్ నవలలకు 210 చాలు, కానీ మొత్తం కలిపితే 1025 మాత్రమే, 105 మిగిలింది. అయిదో అర పెడదామంటే పలక మందం పోగా 85, దేనికీ పనికిరాదు. మిగిలిన ఖాళీని అన్నిటికీ పంచేద్దామన్నాడు కార్పెంటర్. నేను ఒప్పుకోలేదు. పంచితే ప్రతి అరలోనూ పనికిరాని రెండు వేళ్ల ఖాళీ వస్తుంది; ఒకేచోట ఉంచితే పై అర 315 అయింది, ఆల్బమ్, అట్లాసు నవలల మీద పడుకున్నాయి. ఆ అర అడుగు నేలనుంచి 1795 ఎత్తులో ఉంది. అమ్మకు అందదు. ఆమె చదవనివి, నేనూ ఎప్పుడో గాని తీయనివి అక్కడికి పోయాయి. నాలుగు అరలు, ఒక్కోటి 940. మొత్తం 3 మీటర్ల 76. కావలసింది 3.72.

అరలను మేకులతో బిగించేయకుండా పిన్నుల మీద పెట్టించుకోండి. పక్క పలకలకు 5 మి.మీ. రంధ్రాలు 32 మి.మీ.కి ఒకటి చొప్పున వేస్తారు. పిల్లల పుస్తకాల సైజు ఏటా మారుతుంటుంది, అర కూడా మారాలి. కానీ ఒక్కో పెట్టెలో ఒక్క పలకనైనా స్క్రూలతో బిగించాలి, లేకపోతే పక్కలు విచ్చుకుంటాయి. ఇంత ఎత్తు, ఇంత తక్కువ లోతు ఉన్న పైపెట్టెను తప్పనిసరిగా గోడకు బోల్టు చేయించండి.

కోసే ముందు, అతికే ముందు

చెక్క కోయకముందు మాస్కింగ్ టేపుతో గోడమీద అరల గీతలు అసలు కొలతలకే అతికించి రెండు రోజులు చూడండి. మా కింది పెట్టె 900కి లేచిందీ, పై అర అమ్మకు అందదన్నదీ ఆ గీతల ముందు నిలబడ్డప్పుడే తేలింది. కొలతలు కార్పెంటర్‌కు చెప్పేటప్పుడు మి.మీ.లోనే కాగితం మీద రాసివ్వండి. నోటితో చెబితే అంగుళాలు, సూత్‌లు కలిసిపోతాయి. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మూడు మి.మీ. పైనే. ఫైలు దూరాలా వద్దా తేల్చేది ఆ మూడే.

పెట్టె బిగించాక, లామినేట్ అతికించకముందే ఒక ఫైలు, ఒక పప్పు డబ్బా, అన్నిటికన్నా వెడల్పైన పాఠ్యపుస్తకం తెచ్చి ఒక్కో అరలో దూర్చి తీయండి. లామినేట్ రెండు వైపులా కలిపి ఇంకో రెండు మి.మీ. తినబోతోందని గుర్తుంచుకోండి. మేం అలా చూసినప్పుడు ఫైలు అరల్లో ఒకటి 370కి బదులు 358 వచ్చింది. కార్పెంటర్ ఏమీ మాట్లాడకుండా పలక విప్పి, పిన్నులకు కొత్త రంధ్రాలు గుర్తు పెట్టడానికి టేపు తీశాడు.